టీ తాగని టీ మేడం

మా వదిన టీ తాగదు. అయినా బళ్లో అందరూ ఆవిణ్ణి టీ మేడం అంటారు. కొత్తగా చేరిన మాస్టర్లు ఆ పేరు విని స్టాఫ్‌రూములో గౌరవంగా ఒక కప్పు తెచ్చి ఆవిడ ముందు పెడతారు. ఆవిడ నవ్వి దాన్ని నా వైపు జరుపుతుంది. నేను మొహమాటపడకుండా రెండు కప్పులూ తాగేస్తాను. ఆ పేరు వెనక ఉన్నది తేయాకు కాదు, ఇంగ్లిష్‌లో ఒక అక్షరం. ఆ ఒక్క అక్షరం కోసం మా బడి ఆవిణ్ణి ఏం చేసిందో ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు తిన్నది అరిగేలా లేదు. కోపం చల్లారాక చెబితే అబద్ధాలు కలుస్తాయి కాబట్టి, వేడిగా ఉండగానే చెబుతున్నాను.

వదిన మా అన్నయ్య భార్య. అన్నయ్యకు ఎలక్ట్రిక్ సామాన్ల కొట్టుంది. వదిన ఇంగ్లిష్ చెబుతుంది, ఆడపడుచుని నేను అదే బళ్లో లెక్కలు చెబుతాను. ఆవిడ పాఠం చెబుతుంటే పక్క గదిలో నా లెక్క ఆగిపోతుంది. గొంతు పెద్దది కాదు గానీ, పిల్లల నవ్వు పెద్దది. నా పిల్లలు గోడవైపు చెవులు పెట్టుకుని కూర్చుంటారు. నేనూ అంతే.

ఆవిడ క్రియలకు చుట్టరికాలు కలుపుతుంది. "keep, sleep, weep, ఈ ముగ్గురూ తోడికోడళ్లు. kept, slept, wept. చచ్చినా e-d, ఈడీ గడప తొక్కరు. keeped అని రాసినవాళ్లని నేను ఇంటికొచ్చి మీ అమ్మతో చెప్తా." పిల్లలు ఘొల్లుమంటారు. "ఇప్పుడు help చూడండి. helped. నోటితో అంటే చివర ట్ అని వినబడుతుంది. అలాగని చేత్తో టీ రాయకూడదు. నోరు ఒకటంటుంది, చెయ్యి ఒకటి రాస్తుంది. మనుషుల్లోనూ ఉంటార్లే ఇలాంటివాళ్లు." ఆ ఆఖరి మాట పిల్లలకు అర్థం కాదు. గోడవతల నాకు అవుతుంది.

ఆ తర్వాత learn, dream, burn, spell, lean వస్తాయి. వీళ్లది రెండు పుట్టిళ్లున్న కాపురం అంటుంది. learned అన్నా సరే, learnt అన్నా సరే. dreamed అన్నప్పుడు నోరు సాగుతుంది, డ్రీమ్‌డ్. dreamt అన్నప్పుడు కురచవుతుంది, డ్రెమ్‌ట్. అమెరికా వాళ్లు ఎక్కువగా ఈడీ వైపు ఉంటారు, బ్రిటిష్ వాళ్లు రెండూ వాడతారు గానీ టీ అంటే కాస్త మక్కువ. "ఎవరి ఇష్టం వాళ్లది. కానీ ఒక వ్యాసం రాస్తే మొదట్నుంచీ చివరిదాకా ఒకే దారిన నడవండి. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటు వేసుకుని తిరక్కండి." మాడిన అన్నానికి మాత్రం ఏ దేశంలోనైనా burnt rice అనే అంటారని, ఇంట్లో అన్నం మాడిన రోజున మరీ గట్టిగా చెబుతుంది.

ఇలా టీకి కూడా మార్కు వేస్తుంది కాబట్టి టీ మేడం.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఆవిడ తెలియక చేసిందని తర్వాత అన్నారు. తెలియక. ఆ మాట అన్నవాళ్లలో ఒక్కరు కూడా ఏనాడూ ఆ గోడకు చెవి పెట్టలేదు.

మా బళ్లో ఏడాది చివరి పరీక్షకు ప్రశ్నపత్రాలు ఒక కంపెనీ నుంచి అచ్చయి వస్తాయి. వాటితోపాటే జవాబుల కీ వస్తుంది. పాఠం చెప్పేది మేము, పుస్తకం ఇంకెవరిదో, ప్రశ్న అడిగేది కంపెనీ. ముగ్గురికీ ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఆ ఏడాది పైతరగతి ఇంగ్లిష్ పేపరులో కొన్ని క్రియలిచ్చి భూతకాల రూపాలు రాయమన్నారు. కీలో learned, dreamed, burned, spelled, leaned, cleaned, kept అని వరసగా ఉన్నాయి. పిల్లలు చదివిన వాచకంలోనేమో పాఠం పాఠంలోనూ learnt, dreamt. పుస్తకం ఒక పుట్టింటిది, కీ ఇంకో పుట్టింటిది అన్నమాట.

ఆ తరగతిలో టైలర్ గారమ్మాయి ఉంది. వాళ్ల నాన్న మా బడి యూనిఫాములు కుడతాడు. ఆ పిల్ల వాచకం మొత్తం నమిలి మింగిన రకం. learnt, dreamt, burnt, spelt, leant అని వరసగా రాసుకుంటూ వచ్చి, ఆ ఊపులో cleant అని కూడా రాసింది. చివర kept. వదిన cleant కొట్టేసి మిగిలిన వాటన్నిటికీ మార్కులు వేసింది.

పేపర్లు ఇచ్చిన రోజు ఆ పిల్ల స్టాఫ్‌రూము గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "మేడం, lean కి leant అయితే clean కి cleant ఎందుకు కాదు?"

"ఎందుకు కాదంటే ఎవరూ అనలేదు కాబట్టి. భాషలో వాడుకే పెద్దమనిషి తల్లీ. పక్కింటావిడకి బాగుందని ఆవిడ చీర మనం కట్టుకొచ్చేస్తామా?"

పిల్ల గుమ్మం వదల్లేదు. "ఒక్క అక్షరమే కదా తేడా."

"ఆ ఒక్క అక్షరానికే మార్కు తీసేశాను. పో."

నవ్వుకుంటూ వెళ్లింది. ఆ మార్కు పోయినా తరగతిలో మొదట నిలిచింది. మొదట నిలవడం అంటే మా బళ్లో ఉత్త చప్పట్లు కాదు. పేరున్న ఒక హాస్టల్ కాలేజీ మా బడి నుంచి ఏటా ఒక్కరిని, మొదటి స్థానంలో ఉన్నవాళ్లని, ఫీజు లేకుండా చేర్చుకుంటుంది. ఆ ఒక్క చోటూ ఆ పిల్లకు వచ్చింది. రెండో స్థానంలో మందుల షాపాయన కూతురు నిలిచింది.

మందుల షాపాయన చెడ్డవాడని నేనను. ఆయన కొట్టులో చీటీ చూడకుండా మందివ్వడు. అక్షరం తప్పితే మందు మారిపోతుందని ఆయన భయం, అది మంచి భయమే. కానీ ఆ భయాన్ని మోసుకుని బడికొచ్చాడు. రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టి చూశాడట. తన కూతురు learned అని రాస్తే మార్కు వేశారు. టైలర్ గారమ్మాయి learnt అని రాసినా మార్కు వేశారు. ఇదెక్కడి న్యాయం అని ఆయన ప్రశ్న.

"రెండు రకాల జవాబులకి ఒకే మార్కేమిటండీ? అందులో ఒకటి తప్పయి తీరాలి కదా? కీలో ఉన్నది మా అమ్మాయి రాసింది."

ప్రిన్సిపాల్‌కి ఆ ప్రశ్న వినగానే చెమట పట్టింది. ఆయన ఎప్పుడో సైన్సు చెప్పేవాడు. ఇప్పుడు ఏమీ చెప్పడు, అన్నిటికీ అడ్డుపడతాడు. వాచకం తెరిచి చూడొచ్చు. నిఘంటువు చూడొచ్చు, లైబ్రరీ మెట్ల కిందే ఉంది. అంతెందుకు, వదినను పిలిచి అడగొచ్చు. ఇవేవీ చేయలేదు. కంపెనీకి ఫోన్ చేశాడు. కంపెనీవాళ్లు "కీలో ఉన్నదే జవాబు" అన్నారు. అంతే, ఆయనకు చల్లబడింది, learnt తప్పేనని మందుల షాపాయనకీ ఫోన్‌లో చెప్పేశాడు. పెద్ద చదువులు చదివిన మనిషి, ఒక మాట తప్పో ఒప్పో తెలుసుకోడానికి ఆ మాటను తప్ప అన్నిటినీ చూశాడు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

మర్నాడు వదినకు కబురొచ్చింది. పొరపాటున మార్కులు వేశానని ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే మార్కులు దిద్దుతారు, టైలర్ గారమ్మాయి రెండో స్థానానికి దిగుతుంది, కాలేజీలో చోటు పోతుంది. పెట్టకపోతే వచ్చే ఏడు ఇంగ్లిష్ ఎవరు చెప్పాలో యాజమాన్యం ఆలోచించుకుంటుంది.

ఆ సాయంత్రం నేను అన్నయ్య ఇంటికి వెళ్లాను. వదిన వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. ముక్కలు మామూలు కంటే సన్నగా పడుతున్నాయి. అన్నయ్య స్టూలు మీద కూర్చుని మిక్సీ విప్పుతున్నాడు. అమ్మ గుమ్మంలో ఉంది.

"పెట్టేయకూడదా?" అన్నాడు అన్నయ్య, స్క్రూ వైపు చూస్తూ. "నువ్వెలాగూ టీ తాగవు. ఓ టీ పోతే ఏం పోయింది?"

మరో రోజైతే వదిన నవ్వేది. ఆ రోజు కత్తిపీట పక్కకు జరిపింది. "మీ కొట్టుకి ఎవరైనా వచ్చి, ఇదే బల్బు మా ఊళ్లో లైటంటారు, మీరు బల్బన్నారు, డబ్బులు వాపసివ్వండి అంటే ఇస్తారా?"

అన్నయ్య ఇంకో స్క్రూ విప్పాడు. అమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఒక్క అక్షరానికి ఉద్యోగం మీదికి తెచ్చుకుంటావుటే? పెద్దాయన అడిగాడు, తప్పయిందంటే నీ నోటి ముత్యాలేం రాలిపోవు."

"అక్షరం గురించి కాదత్తయ్యా." వదిన గుమ్మం వైపు తిరిగింది. "ఆ పిల్ల నేను చెప్పిందే రాసింది. తప్పు రాసిన చోట తప్పని చెప్పాను, ఒప్పుకుంది. ఇప్పుడు ఒప్పు రాసిన చోట కూడా తప్పని చెప్తే, రేపట్నుంచి ఆ పిల్ల ఎవరి మాట నమ్మాలి?"

అమ్మకు ఇంగ్లిష్ రాదు గానీ ఈ మాట అర్థమైంది. లోపలికొచ్చి వదిన చేతిలోంచి కూరగాయలు తీసుకుని తానే తరగడం మొదలుపెట్టింది. మా అమ్మ ఓడిపోయానని ఒప్పుకునే పద్ధతి అదే.

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో నేనూ ఉన్నాను. పరీక్షల బాధ్యత నాది కాబట్టి పిలిచారు. గాజు పలక వేసిన బల్ల, గోడకు ఆటల పోటీల్లో గెలిచిన షీల్డులు, కిటికీ పక్కన చిన్న బల్ల మీద కంప్యూటరు, ప్రింటరు, వాటి ముందు గుమస్తా. మందుల షాపాయన కుర్చీ అంచున కూర్చున్నాడు. టైలర్‌ని పిలవలేదు. నష్టపోయేది ఆయన కూతురు, కుర్చీ వేసింది మాత్రం ఫిర్యాదు చేసినాయనకి.

ప్రిన్సిపాల్ గొంతు సవరించుకున్నాడు. "చూడండి మేడం, ఈ కీ మనం చేసింది కాదు. కంపెనీ వాళ్ల లెర్న్‌డ్ కమిటీ చేసింది."

"లెర్నెడ్ సార్," అంది వదిన.

"ఆఁ?"

"పండితులు అనే అర్థంలో లెర్నెడ్ అనాలి, రెండు ముక్కలుగా. లెర్న్‌డ్ అంటే నేర్చుకున్నారు అని. ఆ కమిటీ ఇంకా నేర్చుకున్నట్టు లేదు."

నాకు నవ్వొచ్చింది, దగ్గుగా మార్చేశాను. ప్రిన్సిపాల్ మొహం కందింది. డ్రాయరులోంచి కాగితం తీసి గాజు పలక మీద ఇటు తోశాడు. ఆయనే ఇంగ్లిష్‌లో తయారు చేసిన క్షమాపణ. వదిన కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. పిల్లల వ్యాసం చదివినట్టే, వేలు వరస కింద జరుపుకుంటూ చదివింది. వేలు ఒకచోట ఆగింది. సంచిలోంచి ఎర్ర పెన్ను తీసింది.

సంతకం పెడుతుందనుకుని ప్రిన్సిపాల్ వెనక్కి వాలాడు. నేనూ అలాగే అనుకున్నాను. వదిన కాగితం మధ్యలో ఒక మాట చుట్టూ సున్నా చుట్టి, పక్కన ఇంటూ పెట్టి, కాగితం ఆయన వైపు తిప్పింది.

I have learnt my lesson అని ఉందక్కడ.

"ఏంటి మేడం ఇది?"

"కీ ప్రకారం తప్పు సార్. తప్పున్న కాగితం మీద నేను సంతకం పెట్టకూడదు కదా."

ఆయన ఆ మాట వైపు చూశాడు. విసుగ్గా చెయ్యి ఊపాడు. "అబ్బ, రెండూ ఒకటేగా మేడం. ఏదైతే ఏంటి?"

మందుల షాపాయన మెల్లగా తల తిప్పి ప్రిన్సిపాల్ వైపు చూశాడు. తాను ఏమన్నాడో ప్రిన్సిపాల్‌కి ఇంకా తట్టలేదు. గుమస్తా వైపు తిరిగి, "అది ఈడీ చేసి మళ్లీ కొట్టు," అన్నాడు. గుమస్తా కొట్టాడు. ప్రింటరు గురగురమంది. రెండో కాగితం వచ్చింది, వెచ్చగా, learned తో. ఒక ఆడపిల్ల చదువు తలకిందులు చేయబోయిన తేడాను ఆ మనిషి కూర్చున్న చోటినుంచి లేవకుండా దిద్దించేశాడు.

"ఇందాక రాసింది తప్పా సార్?" అని అడిగింది వదిన.

ఆయన మొదటి కాగితాన్ని డ్రాయరులోకి తోయబోయాడు.

"తప్పు కాదు. మీరు రాసింది రైటే. రెండూ ఒకటే అన్నదీ రైటే. ఆ ముక్క వీరికి మొన్ననే చెప్పుంటే సరిపోయేది." రెండో కాగితాన్ని మడవకుండా, నలపకుండా ఆయన వైపే తోసింది. "ఆ పిల్లకి కూడా ఇదే చెప్పండి. నేను సంతకం పెట్టను."

మందుల షాపాయన లేచాడు. "అంటే రెండూ రైటేనా? మరి ఫోన్‌లో తప్పన్నారేంటండీ? ఊరికే మమ్మల్ని తిప్పారు." ఆయన కోపం ఇప్పుడు ప్రిన్సిపాల్ మీదికి మళ్లింది. వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగి వదినకు నమస్కారం పెట్టాడు. క్షమించమని అనలేదు గానీ, ఆ మాత్రమైనా ఆయనొక్కడే చేశాడు.

ఫిర్యాదు లేకపోయేసరికి మార్కులు అలాగే ఉండిపోయాయి. టైలర్ గారమ్మాయి కాలేజీలో చేరింది.

బడి మళ్లీ తెరిచిన రోజు నోటీసు బోర్డు మీద టైంటేబులు పెట్టారు. ఇంగ్లిష్ గడుల్లో వదిన పేరు లేదు. చిన్నపిల్లలకు చేతిరాత, పెద్దపిల్లలకు లైబ్రరీ పీరియడు. కారణం అడిగితే, "మేడం అలిసిపోయి ఉంటారని" అన్నాడు ప్రిన్సిపాల్. తన తప్పు చూసినవాళ్లను ఎదురుగా ఉంచుకోలేక పక్కకు జరిపి, దానికి దయ అని పేరు పెట్టాడు. నేను ఆయన గదిలోకి వెళ్లి నాలుగు మాటలు అనే వచ్చాను. ఏమన్నానో ఇక్కడ రాస్తే అచ్చు వేయరు.

వదిన మాత్రం లైబ్రరీలో నిఘంటువు మీది దుమ్ము దులిపి, మూల అరలోంచి తీసి కిటికీ దగ్గర బల్ల మీద పెట్టింది. గోడవతలి నుంచి ఇప్పుడు నవ్వు వినబడదు. కొత్త ఇంగ్లిష్ మాస్టరు కీ చూసి చెబుతాడు, పిల్లలు అందరూ కలిసి వల్లిస్తారు. నా లెక్కలు ఆగకుండా సాగుతున్నాయి. దానికీ నాకు కోపమే.

ఈ ఏడాది పరీక్షలయ్యాక కంపెనీ కీ నా చేతికొచ్చింది. ఇంగ్లిష్ పేజీ తెరిచి చూశాను. learned పక్కన ఒక ఏటవాలు గీత, గీత పక్కన learnt. కింద dreamed, గీత, dreamt. మందుల షాపాయన ఫోన్ చేసి దులిపేశాడో, వాళ్లకే బుద్ధొచ్చిందో తెలియదు. తప్పయిందన్న ఒక్క మాట ఎవరూ అనలేదు, ఆవిడ గడులు ఆవిడకు ఎవరూ తిరిగివ్వలేదు. అయినా ఆ గీత మా వదినది. నేను ఆ కాగితం పట్టుకుని లైబ్రరీకి పరిగెత్తాను.

వదిన చిన్నపిల్లల చేతిరాత పుస్తకాలు దిద్దుతోంది. కీ చేతిలోకి తీసుకుని, వేలు వరస కింద జరుపుకుంటూ చదివింది. పెదాల మీదికి నవ్వొచ్చింది. ఇన్ని నెలల తర్వాత ఆ నవ్వు చూసి నాకు కళ్లు తడిశాయి. అంతలో వేలు ఆగింది, నవ్వూ ఆగింది.

"లెక్కలమ్మా, ఇది చదువు."

చదివాను. cleaned, పక్కన అదే ఏటవాలు గీత, గీత పక్కన cleant.

"ఏది కనిపిస్తే దానికి తగిలించేశారు," అంది వదిన. మొహం ఎర్రబడింది. "నేను ఆ పిల్లకి మార్కు తీసేసింది దీనికే. ఇప్పుడిది రాసినవాళ్లందరికీ వేసేస్తారు."

"వదినా, ఇప్పుడు ఇంగ్లిష్ నీది కాదు. వదిలెయ్."

ఆవిడ నా మాట విన్నట్టు లేదు. నిఘంటువు చంకన పెట్టుకుంది, ఎర్ర పెన్ను మూత తీసింది, ప్రిన్సిపాల్ గది వైపు నడిచింది. నేను లైబ్రరీ తలుపు దగ్గరికి వేసి ఆవిడ వెనకే వెళ్లాను.